మునిగే ముందు తేలే లెక్క

చెరువు తూముకు చెత్త అడ్డం పడితే ఎవరో ఒకరు నీళ్లలో మునిగి చేత్తో తడిమి చూడడం మన ఊళ్లకు తెలిసిన పద్ధతే. తూము కొద్దిగా తెరిచి ఉన్నా చాలు, లోపలికి పోయే నీరు మనిషిని దాని నోటికి అదిమిపెడుతుంది. ఎంత ఈతగాడైనా అక్కడినుంచి విడిపించుకోవడం కష్టం. గట్టు మీదే నిలబడి, తీగ కట్టిన కెమెరాను నీటి అడుగుకు పంపే చిన్న యంత్రం చేయాలని మన బడుల పిల్లలు పూనుకోవడానికి ఇంతకన్న మంచి కారణం అక్కరలేదు. అయితే సైన్సు ప్రదర్శనల్లో ఇలాంటి నమూనాలను బల్ల మీదే చూసి మార్కులు వేస్తున్నారు. మోటార్లు తిరిగాయా, కెమెరాలో బొమ్మ కనబడిందా అన్నదే ప్రశ్న. మేము అడగదలచిన ప్రశ్న వేరు: ఈ యంత్రం నీళ్లలో ఎంత బరువు తూగుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. పీవీసీ గొట్టాల చట్రం, మూడు మోటార్లు, కెమెరా పెట్టిన గట్టి డబ్బా కలిసి గాలిలో 2,400 గ్రాములు తూగాయనుకుందాం. చట్రం గొట్టాలకు రంధ్రాలు పెట్టాలి. లేకపోతే లోపలి గాలి మెల్లగా బయటికి పోయి, తూకం నిమిషానికొక తీరుగా మారుతుంది. దాన్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి నీళ్ల డ్రమ్ములో పూర్తిగా ముంచితే 400 గ్రాములు చూపింది. అంటే 2,000 గ్రాముల నీటిని పక్కకు నెట్టింది. ఆ మిగిలిన 400 గ్రాములను మోయడానికి బెండ్లు కావాలి. రెండు వైపులా మూతలు అతికించిన పీవీసీ గొట్టం ముక్క 250 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించి, 110 గ్రాములు తూగితే, 140 గ్రాములను మోస్తుంది. మూడు ముక్కలు 420 గ్రాములు మోస్తాయి. యంత్రం 20 గ్రాముల తేలికతో పైకి తేలుతుంది. బెండ్లు పైన, బరువులు కింద ఉంటే బోర్లా పడదు.

ఈ 20 గ్రాములు ఎందుకు? తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా యంత్రం తనంత తానే పైకి వస్తుంది. రెండో లాభం ఇంకా ముఖ్యమైనది. తేలే యంత్రం కిందికి దిగాలంటే దాని నిలువు మోటారు నీటిని పైకి చిమ్ముతుంది. బరువైన యంత్రం అడుగున పడకుండా నిలవాలంటే నీటిని కిందికి చిమ్మాలి. అప్పుడు పూడిక లేచి, కెమెరాకు బురద తప్ప ఏమీ కనబడదు.

ఇక్కడే చాలామంది తెలియక మెత్తని నీళ్ల సీసాను బెండుగా కడతారు. 20 గ్రాముల బరువున్న 450 మిల్లీలీటర్ల సీసా నీటి పైభాగంలో 430 గ్రాములు మోస్తుంది. లెక్క బాగానే ఉంది. కానీ 5 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి ఒకటిన్నర రెట్లు. సీసా నొక్కుకుపోయి సుమారు 300 మిల్లీలీటర్లకు చేరుతుంది, మోసేది 280 గ్రాములే. 30 గ్రాములు తేలిన యంత్రం ఇప్పుడు 120 గ్రాములు బరువైంది. దిగేకొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ ఇంకా దిగుతుంది. డ్రమ్ములో ఈ లోపం బయటపడదు. బెండును చేత్తో గట్టిగా నొక్కి చూడండి. లొంగితే అది పనికిరాదు.

తీగకూ ఇదే లెక్క. రాగి తీగ నీళ్లలో మునుగుతుంది. మీటరుకు 20 గ్రాముల చొప్పున 10 మీటర్లు దిగితే 200 గ్రాములు యంత్రాన్ని లాగుతాయి. జాలర్లు వలకు కట్టే గట్టి బెండ్లను మీటరుకొకటి కడితే ఆ లాగుడు పోతుంది. నీళ్లలో వైఫై సంకేతం కొద్ది దూరం కూడా పోదు కనుక తీగ లేకుండా చేద్దామన్నా కుదరదు. 12 వోల్టుల బ్యాటరీ గట్టు మీదే ఉండాలి, ఇంటి కరెంటు నీటి దరిదాపులకు రాకూడదు. తూము తెరిచి ఉన్నప్పుడు యంత్రాన్ని కూడా దించకూడదు. మనిషిని లాగే నీరు దాన్నీ లాగుతుంది.

మబ్బు నీళ్లలో ఈ కెమెరా జానెడు దూరం మించి చూపకపోవచ్చు. అయినా తూముకు అడ్డం పడింది కొమ్మా, గోనెసంచా, రాయా అన్నది తేల్చడానికి ఆ జానెడు చాలు.

ప్రదర్శనలు నిర్వహించే వారిని మేము కోరేది ఒక్కటే. బల్ల పక్కన ఒక నీళ్ల డ్రమ్ము, ఒక స్ప్రింగు త్రాసు పెట్టండి. గాలిలో తూకం, నీళ్లలో తూకం, బెండు మోసే బరువు - ఈ మూడు అంకెలనూ పిల్లలు తెలుగులోనే రాసి చూపాలి. తూము, బెండు, పూడిక అన్న మాటలు వాళ్లకు ఇంట్లోనే ఉన్నాయి. అంకెలు సరిపోయిన యంత్రాన్నే చెరువుకు పంపుదాం.