"అర్జంట్, 15 మంది ఏసీ టెక్నీషియన్లు" అంటే ఎవరు?

అన్నలారా, తమ్ముళ్లారా, ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, డ్యూటీ దిగినంక చదవండి.

రియాద్‌లో మా రూంలో ఆరుగురం ఉంటాం. అందులో ఒక తమ్ముడు కంపెనీ ఆఫీసులో కాగితాల పని చూస్తాడు. మొన్న వాడు చెప్పిన సంగతి వింటే, మనం ఎక్కువగా తిట్టుకునే తప్పు ఎక్కడ మొదలవుతుందో మాకు తెలిసింది. మనం ఏజెంట్ దగ్గర మొదలవుతుందని అనుకుంటాం. అంతకంటే ముందే, మేనేజర్ పంపే ఒక్క లైన్‌లో మొదలవుతుంది.

మా మెయింటెనెన్స్ మేనేజర్ ముంబై రిక్రూటర్‌కు పంపిన లైన్ ఇది: "15 మంది ఏసీ టెక్నీషియన్లు కావాలి, అర్జంట్, జీతం కంపెనీ రూల్ ప్రకారం." కిందటిసారి కూడా ఇట్లాంటి లైనే వెళ్లింది. అప్పటి ఏజెంటు ఏమీ అడగలేదు, పేపర్లో యాడ్ వేశాడు. ట్రేడ్ టెస్టులో రాగి పైపు అతికించమన్నారు, గ్యాస్ నింపమన్నారు. మనోళ్లు స్ప్లిట్ ఏసీల మీద చెయ్యి తిరిగినవాళ్లు, చక్కగా పాసయ్యారు. ఇక్కడికి వచ్చి చూస్తే పెద్ద బిల్డింగులు, చిల్లర్లు, పంపులు, చల్లటి నీళ్ల లైన్లు, కంట్రోల్ ప్యానెళ్లు. పన్నెండు మందిలో ఏడుగురికి చిల్లర్ అంటే ఏందో తెలియదు. పాపం వాళ్లేమీ అబద్ధం చెప్పలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు అంతే.

నెల తిరగకముందే ఆ ఏడుగురినీ ఫిల్టర్లు కడిగే పనికి తోశారు. ఇద్దరిని ప్రొబేషన్‌లోనే వెనక్కి పంపారు. ఇక్కడ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. సౌదీ లేబర్ లాలో 40వ ఆర్టికల్ ప్రకారం మనిషిని తెప్పించే ఖర్చు, ఇకామా, వర్క్ పర్మిట్ ఫీజు అన్నీ కంపెనీవే. పని అయిపోయాక తిరుగు టికెట్ కూడా కంపెనీదే. కానీ మనిషి "పనికి సరిపోడు" అని తేలితే మాత్రం తిరుగు ఖర్చు అతని మీదే పడొచ్చు. అంటే మేనేజర్ సరిగా రాయని లైన్‌కు, టెస్ట్ పాసైన మనిషి టికెట్ కొనుక్కోవాలి.

ఈసారి రిక్రూటర్ వేరే. అతను ఒక్క సీవీ కూడా వెతక్కముందు మేనేజర్‌కు ఒక మెసేజ్ పెట్టాడు. తమ్ముడు చూసి చెప్పిన దాని సారం ఇది:

"సార్, వెతకడం మొదలుపెట్టే ముందు మూడు సంగతులు చెప్పండి. ఒకటి, ఏ పని రాకపోతే మొదటి వారంలోనే మీ సైట్ ఆగిపోతుంది? అవి మాత్రమే తప్పనిసరి అని రాయండి, ఇక్కడ నేర్చుకోగలిగినవి విడిగా రాయండి. రెండు, బేసిక్ ఎంత, తిండికి ఎంత, ఓవర్‌టైం కలపకుండా. టికెట్, మెడికల్, స్కిల్ టెస్ట్, మా సర్వీస్ ఫీజు ఎవరు కడతారు? మూడు, మనుషులు సైట్‌లో ఏ తేదీకి ఉండాలి? వీసాలు వచ్చేశాయా, ఏ ప్రొఫెషన్ మీద, ఇండియా పేరు మీదేనా? ఇవి వచ్చేదాకా నేను యాడ్ వేయను."

ఆ చివరి లైన్ చదివి మేనేజర్‌కు కోపం వచ్చిందట. అయినా జవాబు రాశాడు. చిల్లర్ రావాలి, వీఆర్ఎఫ్ రావాలి, కంప్యూటర్‌లో అలారాలు చూడడం రావాలి, ఇంగ్లీష్, అరబీ, సౌదీ లైసెన్స్, గల్ఫ్‌లో అయిదేళ్లు, అన్నీ తప్పనిసరి, బేసిక్ 1500 రియాళ్లు! రిక్రూటర్ తగ్గలేదు. ఇవన్నీ ఉన్నవాడు 1500కు రాడని, వస్తానన్నవాడి సర్టిఫికెట్లను తాను నమ్మనని రాశాడు.

అప్పుడు గానీ మేనేజర్ మన తెలుగు ఫోర్‌మన్‌ను పిలిచి అడగలేదు. ఆయన అయిదు నిమిషాల్లో తేల్చేశాడట. చిల్లర్ రూంలో నలుగురుంటే చాలు. ప్రెషర్లు, టెంపరేచర్లు చదివి లాగ్ రాయాలి, త్రీ ఫేజ్ కంట్రోల్ వైరింగ్ రావాలి. వాళ్లకు 2200 ఇవ్వకపోతే ఎవరూ రారు. మిగతా పదకొండు మంది ఫ్లోర్ల మీద తిరిగేవాళ్లు, ఫ్యాన్ కాయిల్ యూనిట్లు, వాల్వులు, మోటర్లు చూసేవాళ్లు. వాళ్లకు 1500 సరిపోతుంది, స్ప్లిట్ ఏసీ మనిషైనా నెలలో నేర్చుకుంటాడు. లైసెన్స్ ముగ్గురికి ఉంటే చాలు. అరబీ అక్కర్లేదు. అంటే "15 మంది ఏసీ టెక్నీషియన్లు" అన్నది రెండు వేర్వేరు ఉద్యోగాలు.

మేం అనేది ఏందంటే, ఈ మెసేజ్ అడగని రిక్రూటర్ దగ్గరికి మనం పోవద్దు. ఆ మెసేజ్‌కు జవాబు ఇవ్వగలిగిన ఫోర్‌మన్లు మనలోనే ఉన్నారు, వాళ్లు నోరు విప్పాలి. "మనకెందుకు, ముదీర్ చూసుకుంటాడు" అని కూర్చుంటే వచ్చేది మన ఊరి పిల్లగాడే.

జీతం సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, మోసం ఎక్కువ ఇక్కడే. కిందటిసారి మనోళ్లకు "1800" అని చెప్పారు. కాగితంలో బేసిక్ 1200, తిండికి 300. మిగిలిన 300 ఓవర్‌టైం వస్తుందని ఏజెంటు తనే కలిపేశాడు. బేసిక్ 1200 అంటే నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 5 రియాళ్లు. బేసిక్ మీదే లెక్కేస్తే ఓవర్‌టైంకు ఒకటిన్నర రెట్లు, అంటే ఏడున్నర. 300 రావాలంటే నెలకు 40 గంటలు ఎక్కువ చేయాలి. ఆ నెల సైట్‌లో ఓవర్‌టైం లేకపోతే ఆ 300 లేదు. అందుకే రిక్రూటర్ "ఓవర్‌టైం కలపకుండా" అని అడగడం మాకు నచ్చింది.

అందులోనే ఇంకో ప్రశ్న ఉంది, "మా సర్వీస్ ఫీజు ఎవరు కడతారు" అని. ఇండియాలో రిజిస్టర్ అయిన ఏజెంటు మన దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. ఊళ్లో లక్ష, లక్షన్నర ఎందుకు అడుగుతారు? చాలాసార్లు కంపెనీ బడ్జెట్‌లో ఫీజు గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని మన మిత్తి అప్పుతో నింపుతారు, మధ్యలో సబ్ ఏజెంటు తన వాటా కలుపుకుంటాడు.

"అర్జంట్" అన్న మాట ఇంకా చెడ్డది. దానికి తేదీ లేదు. మనోడు పాస్‌పోర్ట్ ఇచ్చి, ఊళ్లో పని మానేసి కూర్చుంటాడు. వీసా ప్రొఫెషన్‌కు స్కిల్ టెస్ట్ సరిపోవాలి, మెడికల్ కావాలి, స్టాంపింగ్ కావాలి, ఈసీఆర్ పాస్‌పోర్ట్ అయితే ఈమైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కంపెనీ దగ్గర వీసాలే రాకుండా అర్జంట్ అంటే మెడికల్ గడువు దాటిపోయి మళ్లీ డబ్బులు కట్టాలి. వీసాలున్నా అవి లోడింగ్ లేబర్ పేరు మీదుంటే, టెక్నీషియన్ పని చేయించడం 38వ ఆర్టికల్ ప్రకారం తప్పు. తనిఖీ వచ్చిన రోజు ఇకామా చూపించాల్సింది మనమే. ఈసారి మేనేజర్ "మే మొదటి వారానికి సైట్‌లో ఉండాలి" అని రాశాడు. రిక్రూటర్ అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి, ఫిబ్రవరి చివరికి ఇంటర్వ్యూలు కావాలన్నాడు.

కొందరు అన్నలు అంటారు, ఇన్ని ప్రశ్నలు అడిగితే డిమాండ్ నేపాల్‌కు, బంగ్లాదేశ్‌కు పోతుందని. పోవచ్చు, కాదనం. అయితే అక్కడికి పోయేది ఆ ఏడుగురికి దొరికిన ఉద్యోగమే.

మా రూంలో ఒకాయన బామ్మర్దికి జగిత్యాలలో ఇంకో ఏజెంటు "సౌదీ, ఏసీ టెక్నీషియన్, 1800" అన్నాడు. మేం ఆ పిల్లగానికి మూడే అడగమన్నాం: చిల్లరా, స్ప్లిట్టా, ఓవర్‌టైం లేకుండా బేసిక్ ఎంత, వీసాలో ప్రొఫెషన్ ఏం రాసి ఉంది, తేదీ ఎప్పుడు. మూడో ప్రశ్నకు ఏజెంటు "వచ్చాక చూద్దాం" అన్నాడట. పాస్‌పోర్ట్ ఇంకా పిల్లగాని దగ్గరే ఉంది.