జనరేటర్ ఇచ్చేది పేరు కాదు.. ముడిసరుకే!

ఐడియా ఉంది, టీమ్ రెడీ. పేరు దగ్గర మాత్రం బండి ఆగింది. నేమ్ జనరేటర్‌లో రెండు కీవర్డ్స్ కొడితే బోలెడన్ని పేర్లు వచ్చిపడతాయి. చాలామంది వాటిలో నచ్చినదాన్ని ఉన్నదున్నట్టు తీసేసుకుంటున్నారు. నన్నడిగితే అది సరికాదు. అవే కీవర్డ్స్ కొట్టిన మరో టీమ్‌కీ అలాంటి పేర్లే వస్తాయి. ఆ జాబితాలో మీరు వెతకాల్సింది పేరు కోసం కాదు, పనికొచ్చే ముక్కల కోసం.

కొర్రలతో జంతికలు చేసి అమ్మాలనుకునే ఒక క్యాంపస్ టీమ్‌నే తీసుకుందాం. జనరేటర్ వాళ్లకు ‘మిల్లెట్ హబ్’, ‘హెల్తీ స్నాక్స్’, ‘గ్రెయినిఫై’, ‘కొర్ర కింగ్’, ‘కరకర బైట్స్’ ఇచ్చిందనుకోండి.

ముందు కొట్టివేతలు. మొదటి రెండూ సరుకేంటో చెబుతాయి తప్ప అది ఎవరిదో చెప్పవు. ట్రేడ్‌మార్క్స్ చట్టం 1999, సెక్షన్ 9 ప్రకారం సరుకు రకాన్నో గుణాన్నో మాత్రమే చెప్పే పేరుకు మామూలుగా రిజిస్ట్రేషన్ దొరకదు. ‘గ్రెయినిఫై’కి ఆ తోక తీసేస్తే మిగిలేది ‘గ్రెయిన్’ ఒక్కటే. కాబట్టి అదీ వద్దు.

చివరి రెండూ పేర్లుగా నిలబడవు. కానీ వాటిలో ‘కొర్ర’, ‘కరకర’ అనే మంచి ముక్కలున్నాయి. ఒకటి తినే గింజ, రెండోది నమిలితే వచ్చే చప్పుడు. ఇప్పుడు కలపండి. ‘కరకొర్ర’ అని పైకి అనండి. ‘అరకొర’ గుర్తొస్తోంది కదా? తిండి సరుకుకు ఆ పోలిక వద్దు. ‘కొర్రకొర్ర’ అని గబగబా అంటే ‘కొరకొర’ చూపులే! వరుస మార్చి, ఒక ‘కర’ కోసేస్తే ‘కొర్రకర’. పలకడానికి తేలిక, చప్పుడూ ఉంది. దీన్ని ఉంచుకోవచ్చు.

ఇక పరీక్షలు. ఐదుగురు ఫ్రెండ్స్‌కు ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి. ఇంగ్లిష్‌లో టైప్ చేసి పంపమనండి. ఎక్కువమంది Korrakara బదులు Korakara అని పంపితే, వెతికే కస్టమర్ కూడా అలాగే తప్పిపోతాడు. అప్పుడు పేరును మళ్లీ చెక్కాల్సిందే.

తర్వాత ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్‌లో క్లాస్ 30 కింద చూడండి. స్పెల్లింగ్‌తో వెతికి ఆపేయకండి, ‘ఫొనెటిక్’ ఆప్షన్‌తోనూ వెతకండి. వినడానికి ఒకేలా ఉన్న పేరు బయటపడేది అక్కడే. దొరికితే చివర ‘ఎస్’ తగిలించి తప్పించుకోలేరు. కంపెనీ పేర్ల నిబంధనల్లోనూ బహువచనాన్ని, స్పెల్లింగ్ మార్పును తేడాగా లెక్కించరు.

ఇదే పద్ధతిలో రెండో పేరూ చెక్కి పెట్టుకోండి. కంపెనీ రిజిస్ట్రేషన్‌కు SPICe+ పార్ట్-ఎలో రెండు పేర్లు ఇవ్వొచ్చు. రెండోదాన్ని జనరేటర్ జాబితా నుంచి హడావుడిగా ఏరితే, మొదటిది తిరస్కరించిన రోజు మీ ప్యాకెట్ మీద ఉండేది ‘మిల్లెట్ హబ్’ లాంటిదే.