బండి స్టేషన్‌కు తిప్పాల్సిందే

ఏలూరులో తాడేపల్లిగూడెం పల్లెవెలుగు ఎక్కితే కళ్లెదుట ఓ రాత కనిపిస్తుంది. స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమట, వారి సీట్లలో వారినే కూర్చోనివ్వాలట. సీటు దొరక్క నిలబడ్డ ఆడపిల్ల వెనక ఎవడైనా ఒరిగితే కండక్టరు ఏం చేయాలో మాత్రం అక్కడ ఒక్క ముక్క ఉండదు. అది సంప్రదాయానికి వదిలేసే సంగతి కాదు. దానికి సుప్రీంకోర్టు ఆదేశమే ఉంది.

2012 నవంబరు 30న ఇచ్చిన తీర్పు అది. బస్సులో వేధింపు జరిగిందని బాధితురాలు చెబితే సిబ్బంది ఆ బండిని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఫిర్యాదు అందించాలి. అలా చేయకపోతే బండి పర్మిట్ రద్దు కావాలి. ఈ తీర్పు వచ్చిన పదహారు రోజులకే ఢిల్లీలో నిర్భయ ఘోరం జరిగింది. దేశమంతా ఉరిశిక్షల గురించి మాట్లాడింది, ఈ ఆదేశం మరుగున పడింది.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం మొదలయ్యాక జరిగిన చర్చ చూడండి. ఖజానాకు ఎంత భారం, ఆటోవాళ్లకు ఎంత నష్టం, సీటు కోసం ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారు. ఆడవాళ్లతో బస్సులు కిక్కిరిస్తే నడవలో నిలబడేదీ వాళ్లేనన్న మాట ఎంతమందికి తట్టింది? భద్రత గురించి అడిగితే శక్తి యాప్ వేసుకోమంటారు. ఒక చేత్తో కడ్డీ, రెండో చేత్తో బ్యాగు పట్టుకున్న మనిషి ఫోను ఎలా తీయాలో చెప్పినవాళ్లు లేరు.

సాయంత్రం కాలేజీ వదిలే వేళ నిత్యం కనిపించే దృశ్యమే తీసుకుందాం. బ్యాగు వీపున ఉండాల్సింది, గుండెలకు అదుముకుని ఉంటుంది. చున్నీ అంచున పిన్నీసు. వెనక సీట్ల వైపు పోకుండా అమ్మాయిలు డ్రైవరు పక్కనే ఇరుక్కుంటారు. ఫోనులో ఎవరూ లేకపోయినా ‘నాన్నా, దెందులూరు దాటాను’ అని గట్టిగా చెబుతారు. మరీ నిండిన బండిని వదిలేసి, ఇంటికి చీకటిపడ్డాక చేరి, ఆలస్యానికి చీవాట్లూ తింటారు. టికెట్ ఉచితమే, ఈ ఖర్చు ఎవరూ లెక్కగట్టరు.

ఇక వాళ్లలో ఒకమ్మాయి ధైర్యం చేసి అరిచిందనుకుందాం. ఏమవుతుంది? పది గొంతులు లేస్తాయి, వేధించినవాణ్ణి ఒకాయన చెంపదెబ్బ కొడతాడు, తర్వాతి స్టేజీలో దించేస్తారు. అందరూ న్యాయం జరిగిందనుకుంటారు. నిజానికి జరిగింది వాణ్ణి తప్పించడమే. పేరు లేదు, ఫిర్యాదు లేదు, మర్నాడు వేరే బస్సు ఎక్కుతాడు. దారిలో దెందులూరులో స్టేషను ఉంది, భీమడోలులో ఉంది. బండి అక్కడ ఆగి ఉంటే భారతీయ న్యాయ సంహిత 74, 75 సెక్షన్ల కింద కేసు అయ్యేది. 74 కింద ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు.

పక్కనున్నవాళ్లు చేయగలిగింది చెంపదెబ్బ కంటే తేలికైనదే. ముందుగా ఆమెను అక్కణ్ణుంచి తప్పించాలి: ‘అమ్మా, ఇలా రా, నా పక్కన కూర్చో’ అంటే చాలు, వాడితో గొడవే పడక్కర్లేదు. తర్వాత, ఫిర్యాదు చేస్తావా అని ఆమెనే అడగాలి. ఆమె ఒప్పుకుంటే కండక్టరు దగ్గరికి వెళ్లి బండి స్టేషన్‌కు తిప్పమనాలి. ఆమె మొహం వీడియోలో పడకూడదు. బస్సు నంబరు, టైము రాసుకుని, తమ ఫోను నంబరు ఆమెకివ్వాలి. ఆమె చేతిలోని సున్నా రూపాయల టికెట్‌ను పారేయనివ్వకూడదు. ఆమె ఏ బస్సులో, ఏ వేళ ఉందో చెప్పే కాగితం అదే.

సాక్షి లేకపోతే ఏమవుతుందో ఆ 2012 తీర్పు కథే చెబుతుంది. 1999లో తమిళనాడులోని తెన్‌కాశి బస్టాండులో భర్తతో ఉన్న మహిళను వేధించినవాడు సాక్షాత్తూ పోలీసే. క్రిమినల్ కోర్టులో ఆ దంపతులే సాక్ష్యం మార్చారు, అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. శాఖ విచారణలో పోయిన ఉద్యోగం మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తిరిగి రాలేదు.

ఇదే రైల్లో జరిగితే? రైలును పోలీస్ స్టేషన్‌కు తిప్పలేం, నిజమే. చీకట్లో పొలాల మధ్య గొలుసు లాగితే వాడు దూకి పారిపోవడానికే వీలవుతుంది. 139కి ఫోను చేసి బోగీ నంబరు చెబితే, వచ్చే స్టేషన్లో రైల్వే పోలీసులు ఎదురురావచ్చు. ఎక్కడ జరిగిందన్న హద్దుల తగువుతో ఫిర్యాదు నిరాకరించడానికి లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఉన్నది అందుకే.

బస్సును తిప్పితే అరవైమందికి ఆలస్యమవుతుందనీ, అబద్ధపు ఫిర్యాదులొస్తాయనీ అంటారు. ఆలస్యం నిజమే. టైరు పంక్చరైతే అరగంట రోడ్డుపక్కన నోరెత్తకుండా నిలబడే ఆ అరవైమందికే, ఒక ఆడపిల్ల కోసం పది నిమిషాలు ఆగమంటే గడియారం గుర్తొస్తుంది. ఇక ఫిర్యాదు అబద్ధమో నిజమో తేల్చేది స్టేషను. ఆ పని కండక్టరుది కాదు, కిటికీ పక్క సీటులో జారగిలబడ్డ పెద్దమనిషిది అంతకన్నా కాదు.

ఉచిత టికెట్ ఏయే బస్సుల్లో చెల్లుతుందో అద్దాల మీద అంటించడానికి ఆర్టీసీకి ఎన్నాళ్లో పట్టలేదు. 2012 నాటి ఆదేశం రెండు వాక్యాలు. సంప్రదాయం బోర్డు కిందే బోలెడు ఖాళీ ఉంది.