పడమటి బాల్కనీకి బచ్చలే మేలు

ఆటోనగర్ ఫ్లాట్లలో మొక్కల ఎంపికను ముందుగా తేల్చేది బాల్కనీ దిక్కు. పడమటి బాల్కనీలో వేసవి మధ్యాహ్నం గోడ కూడా కాలుతుంది. ఆ వేడికి టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. టమాటాను వర్షాలు తగ్గాక నాటి, వేసవికి బచ్చలి, గోంగూర, కాగితం పూలు ఉంచడమే సరైన పని. డెల్టా నల్లమట్టి కుండీలో గట్టిపడి నీరు నిలుపుతుంది, బరువూ ఎక్కువే. ఇరవై లీటర్ల సంచి నిండా తడిమట్టి ఉంటే దాదాపు ముప్పై కిలోలు తూగుతుంది. అందుకే ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు సమపాళ్లలో కలపాలి. బోరు నీరు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లని పొర కడుతుంది, ఆకుల కొనలు మాడతాయి. అప్పుడు వానాకాలంలో వాననీటితో మట్టిని బాగా కడగాలి. ఏసీ నుంచి కారే నీరు మొక్కలకు పనికొస్తుంది. ఆర్వో వదిలేసే నీటిలో లవణాలు ఎక్కువ, అది వద్దు. వర్క్‌షాపుల, లారీల దుమ్ము ఆకులపై పేరుకుంటుంది కనుక వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. అసోసియేషన్‌తో పేచీలు ఎక్కువగా కింది ఇంటి బట్టలపై కారే బురదనీటి వల్లే వస్తాయి. ప్రతి కుండీ కింద పళ్లెం పెట్టండి, పిట్టగోడపై మాత్రం ఏ కుండీనీ ఉంచకండి.