మీ డాష్‌బోర్డ్ నిజంగా ‘లైవ్’లో ఉందా?

ఈ మధ్య మా కాలేజీ జూనియర్ల రెజ్యూమెలు చూస్తుంటే ఒక లైన్ తరచూ కనిపిస్తోంది: ‘గంటగంటకీ అప్‌డేట్ అయ్యే లైవ్ డాష్‌బోర్డ్’. లింక్ నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, గ్రాఫ్ కూడా అందంగానే ఉంటుంది. కానీ అందులోని చివరి అంకె ఎప్పటిదో ఎక్కడా రాసి ఉండదు. అడిగితే ‘క్రాన్ పెట్టాను కదన్నా, గంటకోసారి అదే రన్ అవుతుంది’ అంటారు. ఒకప్పుడు నేనూ అచ్చం అలాగే చెప్పేవాణ్ని.

మాది సీతమ్మధార. పోర్టు దుమ్ము గురించి వైజాగ్‌లో మాట్లాడని ఇల్లుండదు కాబట్టి, నా మొదటి ప్రాజెక్టుగా గాలి నాణ్యత డాష్‌బోర్డ్ తీసుకున్నాను. నగరంలో జీవీఎంసీ పేరుతో కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్ ఒకటుంది. దాని రీడింగ్‌లు data.gov.in ఏపీఐ ద్వారా దొరుకుతాయి. గిట్‌హబ్ యాక్షన్స్ గంటకోసారి లేచి, పీఎం 2.5 విలువను తెచ్చి, ఒక సీఎస్‌వీ ఫైల్లో వరుసగా చేర్చి, పేజీని మళ్లీ కట్టి గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాలి. పబ్లిక్ రిపాజిటరీ అయితే మామూలు రన్నర్లకు డబ్బు కట్టక్కర్లేదు. సర్వర్ అద్దె లేదు. చదువుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అంతా బాగానే నడిచింది. ఒకరోజు గ్రాఫ్‌ను పరీక్షగా చూస్తే ఉదయం తొమ్మిది దాటాక రెండు చుక్కలు పక్కపక్కనే, ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. గాలి అలా ప్రవర్తించదు. యాక్షన్స్ ట్యాబ్ తెరిచి ఒక్కో రన్ మొదలైన టైమ్ చూస్తే అసలు సంగతి తెలిసింది. 8:30కి లేవాల్సిన రన్ 9:12కి లేచింది. 9:30ది సమయానికే లేచింది. అప్పటికి కొత్త రీడింగ్ రాలేదు కాబట్టి రెండూ ఎనిమిది గంటల రీడింగ్‌నే తెచ్చాయి. 10:30 రన్ అసలు లేనేలేదు. 11:30 రన్ వచ్చేసరికి ఏపీఐలో పది గంటల రీడింగ్ ఉంది. తొమ్మిది గంటలది ఇక దొరకదు, ఎందుకంటే ఆ ఏపీఐ తాజా విలువే ఇస్తుంది, పాతవి దాచిపెట్టదు.

గిట్‌హబ్ ఈ విషయాన్ని దాచలేదు. లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడు షెడ్యూల్ చేసిన రన్‌లు ఆలస్యం కావచ్చని, ముఖ్యంగా ప్రతి గంట మొదట్లో అలా జరుగుతుందని, కొన్ని పూర్తిగా రద్దు కూడా కావచ్చని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మనమే చదవం. క్రాన్ లైన్‌ను మనం అలారం అనుకుంటాం. అది నిజానికి క్యూలో నిలబడే టోకెన్. రైతుబజార్ గేటు తీసే వేళకే అందరూ వస్తే ఏమవుతుందో, ప్రపంచంలో సగంమంది `0 * * * *` అని రాస్తే ఇక్కడా అదే అవుతుంది.

మన దేశంలో ఇంకో తిరకాసు ఉంది. ఈ క్రాన్ మామూలుగా యూటీసీ ప్రకారం నడుస్తుంది. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటాం. కాబట్టి అక్కడ గంట కొట్టే సమయం మనకు అరగంట. ‘రద్దీ తగ్గుతుందిలే’ అని మీరు ఇక్కడి 6:30ని ఎంచుకుంటే, యూటీసీలో అది సరిగ్గా ఒంటిగంట. తప్పించుకుందామని సరిగ్గా రద్దీలోకే వెళ్లినట్టు! నేను చివరికి ఇలా మార్చాను:

```yaml
on:
  schedule:
    - cron: '17,47 * * * *'
  workflow_dispatch:
```

మన గడియారంలో ఇవి ప్రతి గంటకూ 47, 17 నిమిషాల దగ్గర పడతాయి. రీడింగ్ గంటకోసారే మారినా రెండుసార్లు వెళ్లడం ఎందుకంటే, ఒక రన్ రద్దయినా రెండోది ఆ గంటను పట్టుకునే అవకాశం ఉంటుంది. కిందున్న `workflow_dispatch` వల్ల అవసరమైనప్పుడు మనమే బటన్ నొక్కి నడిపించుకోవచ్చు. దీనితో ఆలస్యం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. నిమిషాలు మార్చేసి ‘సమస్య తీరిపోయింది’ అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను.

అసలు తప్పు నా స్క్రిప్టులో ఉంది. సీఎస్‌వీలో ప్రతి వరుసకీ నేను రన్ అయిన సమయాన్ని రాశాను. గాలిని కొలిచింది ఎనిమిదికి, నేను వేసిన ముద్ర 9:12. ఏపీఐ ప్రతి రీడింగ్‌తోపాటు `last_update` అని స్టేషన్ సమయాన్ని ఇస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్నే వరుసకు గుర్తుగా వాడుతున్నాను. అదే సమయం ఫైల్లో అప్పటికే ఉంటే కొత్త వరుస చేర్చను. దాంతో జంట చుక్కలు పోయాయి. దొరకని గంట దగ్గర గీతను కలపకుండా ఖాళీగా వదిలేస్తున్నాను. ఆ గంటలో గాలి ఎలా ఉందో నాకు తెలియదు, అలాంటప్పుడు గీత గీసే హక్కు నాకెక్కడిది?

ఇక్కడొక చిన్న జాగ్రత్త. `last_update` మన సమయంలో ఉంటుంది, రన్నర్ గడియారం యూటీసీలో ఉంటుంది. స్క్రిప్టులో `+05:30` చేర్చకపోతే ఎనిమిది గంటల రీడింగ్ అయిదున్నర గంటలు ముందుకు జరిగి, ఇంకా రాని మధ్యాహ్నంలో కూర్చుంటుంది.

మరో పొరపాటు చాలామంది చేస్తారు. డేటా తేవడానికి ఒక వర్క్‌ఫ్లో, పుష్ జరగగానే పేజీ కట్టడానికి ఇంకొకటి పెట్టుకుంటారు. మొదటిది మామూలు `GITHUB_TOKEN`తో పుష్ చేస్తే రెండోది లేవదు. ఒకదాన్నొకటి లేపుకుంటూ ఆగకుండా తిరగకూడదని గిట్‌హబ్ పెట్టిన అడ్డు అది. సీఎస్‌వీ పెరుగుతూనే ఉంటుంది, పేజీ మాత్రం మారదు. రెండు పనులూ ఒకే వర్క్‌ఫ్లోలో పెడితే గొడవ ఉండదు.

ఇక పేజీ మీద ఏం రాయాలి? నేను మొదట బిల్డ్ చేసేటప్పుడే ‘10 నిమిషాల క్రితం అప్‌డేట్ అయింది’ అని రాయించాను. రన్‌లు ఆగిపోతే ఆ వాక్యం అలాగే గడ్డకట్టుకుపోతుంది. నాలుగు రోజుల తర్వాత చూసినవాళ్లకీ అది పది నిమిషాల క్రితమే! కాబట్టి పేజీలో రీడింగ్ సమయాన్ని మాత్రమే పెట్టి, దాని వయసును చూసేవాళ్ల బ్రౌజర్‌లో లెక్కకట్టించాలి:

```js
const t = Date.parse('2025-01-15T08:00:00+05:30');
const mins = Math.round((Date.now() - t) / 60000);
```

`mins` 180 దాటితే నా పేజీ పైన ఎర్ర పట్టీ వస్తుంది: ‘ఈ రీడింగ్ పాతది’. మూడు గంటలన్నది నా లెక్క, మీ డేటాను బట్టి మీరు పెట్టుకోండి.

ఈ పట్టీ మీకు మరీ అవసరం. పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజులపాటు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూల్ వర్క్‌ఫ్లోలను తనంతట తానే ఆపేస్తుంది. మార్చిలో ప్రాజెక్టు సబ్మిట్ చేసి, జూన్‌లో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ఇది సరిగ్గా తగిలే దెబ్బ. ముఖ్యంగా డేటాను రిపాజిటరీలో దాచకుండా పేజీని మాత్రమే కట్టే ప్రాజెక్టులు దీనికి దొరుకుతాయి. యాక్షన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి మళ్లీ ఎనేబుల్ చేస్తే నడుస్తుంది. కానీ అది ఆగిందని ముందు మీకు తెలియాలి కదా.

నేనైతే రెజ్యూమెలో ‘లైవ్’ అన్న మాట తీసేశాను. ‘అరగంటకోసారి ప్రయత్నిస్తుంది, రీడింగ్ వయసును పేజీ మీద చూపిస్తుంది’ అని రాశాను. తర్వాతి ఇంటర్వ్యూలో ‘ప్రయత్నిస్తుంది అంటే ఏంటి?’ అని అడిగారు. ఆ 9:12 కథ చెప్పడం మొదలుపెడితే, మిగతా ప్రాజెక్టుల దాకా వెళ్లడానికి టైమే సరిపోలేదు.