కుప్ప తడిస్తే రైతును తరిమేస్తారా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి సీజనులో రోజూ ఒక తగాదా ఉంటుంది. తేమ గురించి. భారత పత్తి సంస్థ కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ధర కోస్తుంది, 12 దాటితే కొననంటుంది. రైతు అరుస్తాడు, తిడతాడు, చివరికి కుప్పను ఎండబెట్టుకుని మళ్లీ తెస్తాడు. తగాదా ఆ కుప్పతోనే తీరిపోతుంది. ఒక కుప్ప తడిసిందని ఆ రైతుకు యార్డు గేటే మూసేయడం మనం ఎరగం.

ఆన్‌లైన్ అంగడిలో అలా మూసేస్తారు. దానికి పెట్టుకున్న పేరు లోపాల రేటు. అమెజాన్ బయటికి చెప్పే నియమం ప్రకారం గడిచిన 60 రోజుల ఆర్డర్లలో లోపం ఉన్నవి ఒక శాతం లోపే ఉండాలి. అమ్మకందారుకు ఒకటి రెండు చుక్కల ఫీడ్‌బ్యాక్ వచ్చినా, కొన్నవారు A-to-z గ్యారంటీ కింద క్లెయిమ్ వేసినా, కార్డు డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి లాక్కున్నా ఆ ఆర్డరు లోపమే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే అన్యాయం బయటపడుతుంది. రెండు నెలల్లో పదివేల ఆర్డర్లు పంపే ఢిల్లీ వ్యాపారికి 99 మంది కస్టమర్లు మండిపడినా గీత దాటదు. ఎమ్మిగనూరులో రెండు మగ్గాల ఇంటినుంచి 60 దుప్పట్లు పంపినవాడికి ఒక్కరు అలిగినా 1.67 శాతం. మొదటివాడికి 99 తప్పులు మాఫీ, రెండోవాడికి ఒక్కటీ లేదు. దీన్ని నాణ్యత కొలమానం అనడానికి నోరెలా వస్తుందో!

అకౌంటు ఆగాక ఇంకో విచిత్రం. కొత్త ఆర్డర్లు రావు కాబట్టి భాగహారంలో కింద ఉండే సంఖ్య పెరగదు. మంచి ఆర్డర్లతో రేటును దించుకునే దారిని వాళ్లే మూసి, రేటు ఎందుకు దిగలేదని మనల్నే అడుగుతారు.

ఇంత కోపం ఉన్న నేను, ఆగిన అకౌంటు తెరవమని మనవాళ్లు రాసే అప్పీళ్లు చదివితే మాత్రం తల పట్టుకుంటాను. తహసీల్దారుకు రాసే అర్జీలా ఉంటాయి. "అయ్యా, చేనేత కుటుంబం, అప్పులు తెచ్చాం, పిల్లల చదువులు, దయ తలచండి." చదివేవాడి దగ్గర దయకు పెట్టె లేదు. ఏం తప్పు జరిగింది, ఏం సరిచేశావు, మళ్లీ జరగకుండా ఏం కట్టావు అని మూడు ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి. ఇక ఇంతకన్నా ఘోరం, "గ్యారంటీగా తెరిపిస్తాం" అంటూ వేలు గుంజి, ఊరందరికీ ఒకే ఇంగ్లీషు కాగితం అమ్మే దళారులు. ఆ కాగితంలో మీ దుప్పటి ఉండదు, మీ ఆర్డరు నంబరు ఉండదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో సొసైటీ పెట్టి నేతగాళ్లను ఒకచోట చేర్చాడు. ఆ ఊళ్లోనే ఇప్పుడు ఈ కొత్త దళారులకు ఎదురు డబ్బిస్తున్నాం.

రాయడానికి ముందు చదవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు నెలల్లో 180 ఆర్డర్లు, నాలుగు లోపాలు, అంటే 2.22 శాతం. Account Health పేజీలో ఆ నాలుగు ఆర్డర్లనూ విడివిడిగా తెరవాలి. మొదటి రెండూ మెరూన్ దుప్పటి మీద క్లెయిములు, ఉతికితే రంగు దిగి తెల్ల చొక్కాలు పాడయ్యాయని. మూడోది పొడవు తక్కువైందని క్లెయిము. నాలుగోది ఆలస్యంగా వచ్చిందని ఒక చుక్క ఫీడ్‌బ్యాక్. కానీ ఆ దుప్పటి ఉన్నది అమెజాన్ గోదాములో, చేర్చింది వాళ్ల మనుషులే. అలాంటి ఫీడ్‌బ్యాక్‌ను కొట్టేయమని అడిగే హక్కుంది. అలాగే ఫీడ్‌బ్యాక్ మొత్తం వస్తువు గురించే ఉండి, అమ్మినవారి సేవ ఊసే లేకపోతే దాన్నీ తీసేయమనవచ్చు. వస్తువు కింద రాసే రివ్యూలు అసలు ఈ రేటులోకే రావు. ఈ తేడా తెలియక రివ్యూలకు జవాబులు రాస్తూ రాత్రిళ్లు గడిపేవాళ్లున్నారు.

నాలుగోది పోతే మూడు మిగులుతాయి. 1.67 శాతం. ఇంకా గీత పైనే. కాబట్టి కారణం వెతకాలి, అదీ నిజాయితీగా. "కస్టమరు వేడినీళ్లలో ఉతికాడు" అన్నది కారణం కాదు, నెపం. "రంగులు వేసేవాడు మోసం చేశాడు" అన్నా చెల్లదు, ఎందుకంటే అమ్మింది మీరు. మెరూన్ నూలు ఏ తడవలో అద్దించారో పుస్తకం తీసి చూడండి. రియాక్టివ్ రంగు వేశాక నూలును సబ్బు నీళ్లలో మరిగించి, అంటుకోకుండా మిగిలిన రంగును పూర్తిగా కడిగేయాలి. కట్టెలు మిగుల్తాయని ఆ మరిగింపు కుదించారు. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. ఎవరూ రుద్దలేదు. అసలు కారణం అదే: పరీక్ష లేకుండా పంపాం. పొడవు సంగతీ అంతే. మగ్గం మీద కొలిచిన 100 అంగుళాలు లిస్టింగులో పెట్టారు, ఉతికాక నూలు కుదించుకుని 95కు వచ్చింది.

ఇప్పుడు రాయండి. చివరికి ఇంగ్లీషులో పంపినా, సారం ఇలా ఉండాలి:

"ఈ మూడు ఆర్డర్లలో రెండింటికి కారణం ఒకే తడవ మెరూన్ నూలు. దాన్ని పంపే ముందు రంగు పరీక్ష మేం చేయలేదు. ఆ నూలుతో నేసి మిగిలిన 38 దుప్పట్లను 4వ తేదీన అమ్మకం నుంచి తీసేశాం. మూడోదాంట్లో మగ్గం కొలత రాశాం. 5వ తేదీన అన్ని లిస్టింగులలో ఉతికిన తర్వాతి కొలత పెట్టాం. ముగ్గురికీ డబ్బు తిరిగి ఇచ్చాం. ఇకపై ప్రతి తడవనుంచి ఒక దుప్పటిని ఉతికి, తెల్లగుడ్డతో రుద్ది, కొలిచి, ఫలితం పుస్తకంలో రాశాకే ప్యాకింగు. పుస్తకం పేజీ, గుడ్డ ఫొటో జతచేశాం."

చూడండి, ఇందులో "చేస్తాం" కన్నా "చేశాం" ఎక్కువ. బతిమాలడం లేదు, ఎదురు తిట్టడమూ లేదు. మార్కెట్ నియమం ఎంత అన్యాయమో చెప్పాలని చేయి దురద పెడుతుంది, నాకూ పెడుతుంది. అది పత్రికకు రాయండి, అప్పీలులో వద్దు. చేయని పనిని చేశామని కూడా రాయకండి, రుజువు అడిగితే పట్టుబడతారు.

తిరస్కరిస్తే అదే కాగితాన్ని మళ్లీ మళ్లీ పంపడం దండగ. జవాబులో ఏది చాలలేదన్నారో దానికే కొత్త రుజువు చేర్చాలి. భార్య పేరున, తమ్ముడి పేరున ఇంకో అకౌంటు తెరవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బ్యాంకు, చిరునామా, కంప్యూటరు ఏదో ఒకటి కలిసి రెండూ పోతాయి.

ఇక పత్రికకు రాయమన్న మాట నేనే రాస్తాను. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన, 2020 జులై 12 నుంచి అమలైన నియమావళి ప్రకారం వేదిక అమ్మకందారును ఆపేటప్పుడు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. పూర్తిగా తొలగించాలంటే, కొన్ని మినహాయింపులు పోను, 30 రోజుల ముందే చెప్పాలి. 2019 జులైలో జర్మనీ పోటీ సంస్థ ఒత్తిడితో అమెజాన్ అలాంటి గడువుకే ఒప్పుకుంది. మన 2020 ఈ-కామర్స్ నియమాలు కొన్నవాడి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలో తేల్చాలని అన్నాయి. మంచిదే. ఆ గడువు అమ్మినవాడి అప్పీలుకూ రాసి ఉండాల్సింది. రాయలేదు కాబట్టే, పండగ ముందు గూళ్లలో సరుకు పెట్టుకుని, ఆగిపోయిన డబ్బు కోసం ఆ తెర ముందు రోజులు లెక్కపెడుతూ కూర్చుంటున్నారు మన నేతగాళ్ల పిల్లలు.