వలయం పెద్దదైతే మంచి మందేనా?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఓ కాగితం పట్టుకుని వచ్చారు. వాళ్లావిడకు నాలుగు రోజులుగా మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం. జ్వరం లేదు, నడుంనొప్పి లేదు. యూరిన్ కల్చర్ చేయిస్తే ఈ.కోలి అనే బ్యాక్టీరియా పెరిగిందని వచ్చింది. దాని కింద పది పన్నెండు యాంటీబయాటిక్‌ల పేర్లు, ఒక్కోదాని పక్కన ఓ అంకె, ఓ అక్షరం.

‘‘డాక్టరు గారూ, సిప్రోఫ్లాక్సాసిన్‌కి 23 మిల్లీమీటర్లు, నైట్రోఫ్యురాంటాయిన్‌కి 19 అని ఉంది. రెండింటికీ ‘ఎస్’ అనే వేశారు. 23 పెద్దది కదండీ! పైగా పోయినేడాది కొన్న సిప్రో మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి. అవే మొదలుపెట్టేయమంటారా?’’ అన్నారు.

మైక్రోబయాలజీ ల్యాబుల్లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. ఈ ప్రశ్న నేను వినని నెల లేదు. మాస్టారి లెక్క తప్పు. కానీ ఆ తప్పు ఆయనది కాదు, ఆ రిపోర్టు రాసిన పద్ధతిది.

అసలు ఆ మిల్లీమీటర్లు ఎక్కడివో ముందు చూద్దాం. రోగి మూత్రంలోంచి పెంచిన బ్యాక్టీరియాను ఉప్పునీళ్లలో కలిపి, నిర్ణీతమైన మసకదనం వచ్చేలా చూస్తారు. దూది పుల్లను అందులో ముంచి, ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీ లాంటి పదార్థం పోసిన ప్లేటు మీద మూడు దిక్కులా సమంగా పూస్తారు. దాని మీద 6 మిల్లీమీటర్ల వెడల్పుండే కాగితం బిళ్లలు పెడతారు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచితే ప్లేటంతా బ్యాక్టీరియా తెల్లటి పొరలా పెరుగుతుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగని వలయం మిగులుతుంది. బిళ్లతో కలిపి ఆ వలయం వ్యాసాన్ని స్కేలుతో కొలుస్తారు. 1966లో బావర్, కిర్బీ, మరో ఇద్దరు ఈ పరీక్షకు ఒక స్థిరమైన పద్ధతిని ప్రకటించారు. ఇప్పటికీ మన ఊళ్లలో చాలా ల్యాబులు చేసేది ఇదే.

మరి పెద్ద వలయం అంటే బలమైన మందు ఎందుకు కాదు? బిళ్లల్లో మందు మోతాదు ఒకటి కాదు. సిప్రో బిళ్లలో 5 మైక్రోగ్రాములు ఉంటే, నైట్రోఫ్యురాంటాయిన్ బిళ్లలో 300 ఉంటాయి. అగార్‌లో పాకే వేగమూ ఒకటి కాదు. కొన్ని మందులు చకచకా దూరం పోతాయి, కొన్ని బిళ్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఒక మందు వలయాన్ని ఇంకో మందు వలయంతో పోల్చడమంటే కిలోలను లీటర్లతో పోల్చినట్టే. దేని వలయాన్ని దాని సొంత హద్దుతోనే పోల్చాలి.

ఆ హద్దులను ఊహించి పెట్టరు. వందలాది బ్యాక్టీరియా రకాల మీద ఒక పక్క వలయం కొలిచి, ఇంకో పక్క వాటి పెరుగుదలను ఆపడానికి ఎంత గాఢత మందు కావాలో తేల్చి, శరీరంలో ఆ గాఢత అందుతుందా, రోగులకు నిజంగా నయమైందా అన్నదీ చూసి హద్దు గీస్తారు. అమెరికాలోని సీఎల్‌ఎస్‌ఐ, ఐరోపాలోని యూకాస్ట్ ఈ పట్టికలను ఏటా సవరిస్తుంటాయి.

ఇప్పుడు మాస్టారి కాగితానికి వద్దాం. సీఎల్‌ఎస్‌ఐ పట్టిక ప్రకారం ఈ.కోలి మీద నైట్రోఫ్యురాంటాయిన్ వలయం 17 లేదా అంతకంటే ఎక్కువుంటే ‘ఎస్’, అంటే మందుకు లొంగుతుందని. 14 లేదా అంతకంటే తక్కువైతే ‘ఆర్’, లొంగదని. ఈవిడది 19. సందేహం లేకుండా ‘ఎస్’.

సిప్రో సంగతి వేరు. ఒకప్పుడు 21 దాటితే చాలు, ‘ఎస్’ అనేవారు. కొద్దిగా మొండికేయడం మొదలుపెట్టిన బ్యాక్టీరియా కూడా ఆ హద్దులో చెల్లిపోతోందని గమనించి 2019లో మార్చారు. ఇప్పుడు ‘ఎస్’ అనాలంటే 26 ఉండాలి. 22 నుంచి 25 వరకు ‘ఐ’, అంటే మధ్యస్థం. మోతాదు పెంచితేనో, మందు బాగా చేరే చోటనో పనిచేయవచ్చు, మామూలు మోతాదుతో భరోసా లేదు. కాబట్టి 23 అనేది ‘ఐ’. పక్కన ‘ఎస్’ ఎందుకు పడింది? మాస్టారు ఫోన్ చేసి అడిగితే, గోడకు చాలా ఏళ్లుగా వేలాడుతున్న చార్టు చూసి వేశామన్నారట. కొలత సరైనదే. చార్టు పాతది. అంత తేడాతో పెద్ద అంకె ఉన్న మందు వెనక్కి పోయింది, చిన్న అంకె ఉన్నది ముందుకొచ్చింది.

కొలతా ఒక్కోసారి తప్పుతుంది. అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎక్కువైనా, బ్యాక్టీరియాను దట్టంగా పూసినా వలయం కుంచించుకుపోతుంది. పలచబడితే లేనిపోని పెద్ద వలయం వస్తుంది. దీన్ని కనిపెట్టడానికి మంచి ల్యాబులు గుణం తెలిసిన ఈ.కోలిని ఇలాగే పెంచి చూస్తాయి. దాని మీద నైట్రోఫ్యురాంటాయిన్ వలయం 20 నుంచి 25 మధ్య రావాలి. రాకపోతే ఆ వేళ పరీక్షలో ఏదో తేడా ఉన్నట్టే, రోగుల రిపోర్టులు ఆపాలి.

ఇంకో మాట. ‘ఎస్’ అంటే ప్లేటు మీద లొంగిందని మాత్రమే. నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలో బాగా చేరుతుంది, కిడ్నీ కండలోకీ రక్తంలోకీ సరిపడా చేరదు. హెడ్‌మాస్టారి భార్యకు చలిజ్వరం, నడుంనొప్పి ఉంటే అదే 19, అదే ‘ఎస్’ ఉన్నా ఆ మందు పనికిరాదు. ఇది వలయం చెప్పదు. రోగిని చూసిన డాక్టరే చెప్పాలి. ఆవిడకు వాళ్ల డాక్టరు క్రియాటినిన్ చూసి, కిడ్నీలు బాగున్నాయని తేలాక నైట్రోఫ్యురాంటాయినే రాశారు. ఐదు రోజుల్లో తగ్గింది. సిప్రో మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి.

‘మిల్లీమీటర్లు అచ్చువేయడమే తప్పు, జనం తికమకపడతారు, అక్షరం ఒక్కటే వేస్తే చాలు’ అని నాతో పనిచేసిన కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఈ రిపోర్టులో అక్షరమే ఉండి ఉంటే ఆ పాత చార్టు సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. అంకె ఉంది కాబట్టే పట్టుకోగలిగాం. అయితే హద్దు లేని అంకె మాస్టారిని దారి తప్పించిందన్నదీ నిజమే. రక్తంలో షుగర్ రిపోర్టులో మీ అంకె పక్కన మామూలుగా ఎంత ఉండాలో రాస్తారు కదా. కల్చర్ రిపోర్టులోనూ ప్రతి మందుకూ వచ్చిన వలయం, దాని హద్దు, ఏ సంస్థ ఏ సంవత్సరం పట్టిక వాడారన్నది ఉండాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కాగితం మీద ఇంకో గడి చాలు.

అలాంటి రిపోర్టులు వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. శాంపిల్ ఇచ్చిన చోటే ‘ఏ సంవత్సరం పట్టిక చూస్తున్నారండీ?’ అని అడగండి. సమాధానం రాకపోతే ఆ మాట మీ డాక్టరుకు చెప్పండి. అంకెల్లో పెద్దది వెతికి మీ అంతట మీరు మందు మొదలుపెట్టకండి.